బోర్డు ఆమోదించిన బడ్జెట్‌కీ ఇప్పటి ఫైల్‌కీ 72 లక్షల తేడా: ఆడిటర్‌కి ఏం చూపించాలి?

ప్రశ్న: పటాన్‌చెరు దగ్గర మాదొక మధ్యతరహా ఫ్యాక్టరీ. బడ్జెట్ అంతా ఎక్సెల్‌లోనే నడుస్తుంది, ఫైల్ షేర్‌పాయింట్‌లో ఉంటుంది. 2025-26కి మార్చిలో బోర్డు ఆమోదించిన ఖర్చు 18.40 కోట్లు. ఇప్పుడు ఫైల్‌లో 19.12 కోట్లు కనిపిస్తోంది. తేడా ఎక్కడిదో, ఎవరు మార్చారో, ఎవరు ఒప్పుకున్నారో చెప్పమని ఆడిటర్ అడిగారు. ఫోల్డర్‌లో `Budget_final`, `Budget_final2`, `Budget_final_latest` అని బోలెడు ఫైళ్లున్నాయి. షేర్‌పాయింట్ వెర్షన్ హిస్టరీ చూపిస్తే సరిపోతుందా? వచ్చే ఏడాదికైనా ఇది ఎలా చక్కబెట్టుకోవాలి?

సమాధానం:

వెర్షన్ హిస్టరీ ఒక్కటే సరిపోదండీ. ఫలానా రోజు, ఫలానా సమయానికి, ఫలానా మనిషి ఫైల్ సేవ్ చేశాడని అది చెబుతుంది. ఎందుకు మార్చాడో, ఎవరి అనుమతితో మార్చాడో చెప్పదు. ఆడిటర్‌కి ముఖ్యంగా కావలసినవి ఆ రెండే.

దాన్ని నమ్ముకుంటే ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఆటోసేవ్ ఆన్‌లో ఉండి నలుగురు ఒకేసారి ఫైల్‌లో పనిచేస్తే వెర్షన్లు కుప్పలుగా పడతాయి. షేర్‌పాయింట్‌లో మామూలుగా ఉండే పరిమితి 500 వెర్షన్లు. అది దాటితే పాతవి వాటంతటవే పోతాయి. మీ అడ్మిన్ అంతకంటే తక్కువ పెట్టి ఉండొచ్చు, అడిగి తెలుసుకోండి. ఎక్సెల్‌లో `Show Changes` నొక్కితే ఏ సెల్‌లో ఏ అంకె ఏ అంకెగా మారిందో చక్కగా కనిపిస్తుంది గానీ, అది 60 రోజుల వరకే. జులైలో జరిగిన మార్పు డిసెంబర్‌లో అక్కడ దొరకదు. ఎవరైనా ఫైల్ డౌన్‌లోడ్ చేసుకుని, ఇంట్లో కూర్చుని యాభై సెల్స్ మార్చి, అదే పేరుతో మళ్లీ ఎక్కిస్తే హిస్టరీలో అది ఒక్క వెర్షన్‌గానే పడుతుంది. `Save As` కొట్టి కొత్త పేరు పెడితే హిస్టరీ అక్కడితో తెగిపోతుంది. మీ ఫోల్డర్‌లో అన్ని ఫైనల్స్ ఉన్నాయంటే అన్నిసార్లు తెగిపోయిందన్నమాట.

ఆడిటర్‌కి మీ బడ్జెట్‌తో ఏం పని అనేది తెలిస్తే ఏం భద్రపరచాలో కూడా తెలుస్తుంది. ఖర్చు బడ్జెట్ దాటిందా లేదా అన్నది స్టాట్యుటరీ ఆడిటర్‌కి పెద్ద విషయం కాదు. కంపెనీ ఇంకో ఏడాది నిలబడుతుందా అని చూసేటప్పుడు, ప్లాంట్ విలువ తగ్గించాలా అని ఇంపెయిర్‌మెంట్ లెక్క వేసేటప్పుడు, డిఫర్డ్ టాక్స్ అసెట్, అంటే ముందుముందు పన్నులో తగ్గుతుందని లెక్కల్లో చూపిన మొత్తం, వసూలవుతుందా అని తేల్చేటప్పుడు ఆయన మీ బడ్జెట్ అంకెల మీద ఆధారపడతారు. ఇండ్ ఏఎస్ 36 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం ఇంపెయిర్‌మెంట్‌కి వాడే నగదు ప్రవాహాల అంచనాలు యాజమాన్యం ఆమోదించిన తాజా బడ్జెట్ల మీదే నిలబడాలి. పైగా గతంలో వేసిన అంచనాలకీ వాస్తవంగా జరిగినదానికీ తేడా ఎందుకొచ్చిందో కూడా చూడమంటుంది. కాబట్టి పాత సంవత్సరపు ఆమోదిత ఫైల్ చెక్కుచెదరకుండా ఉండాలి. ఇక ఎస్ఏ 500 అనే ఆడిటింగ్ ప్రమాణం ప్రకారం, కంపెనీ తయారు చేసి ఇచ్చిన సమాచారాన్ని వాడేముందు అది పూర్తిగా, కచ్చితంగా ఉందో లేదో ఆడిటర్ పరీక్షించాలి. అందుకే మీ ఎక్సెల్‌లో ఒక అంకె పట్టుకుని ఇది ఎక్కడినుంచి వచ్చిందని అడుగుతారు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ తప్పనిసరి అయింది కదా, ఆ నిబంధన లెక్క పుస్తకాలు రాసే సాఫ్ట్‌వేర్‌కి సంబంధించింది. బడ్జెట్ షీట్ లెక్క పుస్తకం కాదు. "ట్యాలీలో ఎడిట్ లాగ్ ఆన్‌లో ఉంది సార్" అని చెబితే బడ్జెట్ ప్రశ్నకి జవాబు రాదు. అలాగని బడ్జెట్‌ని చట్టం అడగదులే అని వదిలేయడానికీ లేదు. ఆ అంకె మీద ఆధారపడి ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్లలో ఒక నిర్ణయం తీసుకున్నారంటే, ఆ నిర్ణయానికి ఆధారంగా అది ఉండితీరాలి. లెక్క పుస్తకాలు 8 ఏళ్లు దాచాలని కంపెనీల చట్టం సెక్షన్ 128 చెబుతోంది. ఇంపెయిర్‌మెంట్‌కి వాడిన బడ్జెట్ ఫైళ్లనీ అంతకాలం దాచడమే మంచిదని నా అభిప్రాయం.

ముందు ఆమోదించిన ఫైల్‌ని కదలకుండా చేయాలి

మీ ఇబ్బందికి మూలం, మీరు బడ్జెట్‌నీ, ఏడాది మధ్యలో మారుతూ ఉండే అంచనా అయిన ఫోర్‌కాస్ట్‌నీ ఒకే ఫైల్‌లో నడపడమే. మార్చిలో బోర్డు ఒప్పుకున్నది బడ్జెట్. అది ఏడాది పొడవునా ఒక్క రూపాయి కూడా మారకూడదు. జులైలో లారీ రేటు పెరిగితే మారాల్సింది ఫోర్‌కాస్ట్. బోర్డు మళ్లీ కూర్చుని కొత్త అంకె ఒప్పుకుంటే అది సవరించిన బడ్జెట్, అంటే వేరే ఫైల్, వేరే నంబర్. నేనైతే మొదటిదాన్ని ఆర్0 అనీ, బోర్డు ఆమోదించిన ప్రతి సవరణనీ ఆర్1, ఆర్2 అనీ పిలుస్తాను. ఫైల్ పేరులో సంవత్సరం, సవరణ నంబర్, ఆమోదించిన తేదీ, ఎవరు ఆమోదించారు అనేవి ఉంటే చాలు:

```
BUD-2526_R0_2025-03-18_BOARD.xlsx
BUD-2526_R0_2025-03-18_BOARD_values.xlsx
BUD-2526_R0_2025-03-18_BOARD.pdf
```

ఒకే బడ్జెట్‌కి మూడు ఫైళ్లెందుకంటే, మొదటిదాంట్లో ఫార్ములాలు బతికే ఉంటాయి, లెక్క ఎలా వేశారో ఆడిటర్ చూడాలంటే అదే కావాలి. కానీ దాంట్లో వేరే వర్క్‌బుక్‌లకి లింకులుంటే, ఆర్నెల్ల తర్వాత తెరిచినప్పుడు లింకులు అప్‌డేట్ చేయాలా అని ఎక్సెల్ అడుగుతుంది. చూసుకోకుండా అవునని నొక్కితే ముడిసరుకు ధరల ఫైల్‌లోని ఇవాళ్టి ధరలు మార్చి నాటి బడ్జెట్‌లోకి వచ్చి కూర్చుంటాయి. `TODAY()` వాడిన చోట్లా అంతే. మనిషెవరూ చేయి పెట్టకుండానే పాత బడ్జెట్ మొత్తం మారిపోతుంది. అందుకే రెండో ఫైల్‌లో అన్నీ విలువలుగా పేస్ట్ చేసి ఉంచాలి. పీడీఎఫ్ బోర్డు ముందు పెట్టిన కాగితం. మూడింటిలో మొత్తం ఒకటే ఉందని ఆ రోజే సరిచూసుకోండి.

వాటిని చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫోల్డర్‌లో పెట్టించండి. రాసే అనుమతి బడ్జెట్ తయారు చేసే టీమ్‌కి ఉండకూడదు. కంపెనీ సెక్రటరీకో ఐటీకో ఇస్తే సరి. ఫైల్ మారలేదని రుజువు కావాలంటే దాని హాష్, అంటే ఫైల్‌కి వేలిముద్రలాంటి కోడ్, తీసి ఆమోదపు మెయిల్‌లో పెట్టండి. విండోస్ పవర్‌షెల్‌లో ఒక్క కమాండ్:

```
Get-FileHash .\BUD-2526_R0_2025-03-18_BOARD_values.xlsx -Algorithm SHA256
```

హాష్ గురించి ఒక జాగ్రత్త. ఫైల్ తెరిచి ఏమీ మార్చకుండా సేవ్ కొట్టినా హాష్ మారిపోతుంది, ఎందుకంటే చివరగా ఎవరు సేవ్ చేశారు, ఎప్పుడు చేశారు అనేవి కూడా ఆ ఫైల్‌లోనే ఉంటాయి. కలిస్తే ఫైల్ అదేనని గట్టిగా చెప్పొచ్చు. కలవకపోతే అంకెలు మారాయని వెంటనే అనుకోనక్కర్లేదు, పోల్చి చూడాలి.

ఆమోదం దగ్గర జరిగే అసలు పొరపాటు లింకు పంపడం. "సార్, బడ్జెట్ ఇక్కడ ఉంది, చూసి అప్రూవ్ చేయండి" అని షేర్‌పాయింట్ లింకు పంపుతారు. ఎండీ గారు ఉదయం 11కి చూసి "అప్రూవ్డ్" అని రాస్తారు. మధ్యాహ్నం ఎవరో అదే ఫైల్‌లో ఒక వరుస మారుస్తారు. మెయిల్‌లో ఆమోదం ఉంది, లింకూ ఉంది, ఆ లింకు వెనక మాత్రం ఆయన చూడని ఫైల్ ఉంది. ఆడిటర్ మొదట చూసేది ఇదే: ఆమోదపు మెయిల్ సమయం, ఫైల్ చివరగా సేవ్ అయిన సమయం పక్కపక్కన పెట్టి చూస్తారు. రెండోది తర్వాతిదైతే ఆ ఆమోదం ఏ అంకెకి ఇచ్చారో చెప్పలేం. అందుకని ఆమోదం అడిగే మెయిల్‌లోనే "బీయూడీ-2526 ఆర్0, మొత్తం ఖర్చు రూ.18,40,00,000" అని అంకె రాసి, పీడీఎఫ్ జతచేసి పంపండి. జవాబులో ఆ అంకె కింద ఉంటుంది కాబట్టి ఒక్క మాట జవాబైనా పనికొస్తుంది.

తర్వాత మార్పుల రిజిస్టర్

ఇప్పుడు మీ 72 లక్షలకి వద్దాం. నాకు మీ ఫైల్ కనిపించదు కాబట్టి, ఇలాంటి ఫ్యాక్టరీలో తేడా ఎలా విడిపోతుందో ఒక ఉదాహరణగా రాస్తాను.

సరుకు రవాణా: ట్రాన్స్‌పోర్టర్ రేటు జులై 1 నుంచి టన్నుకి 2,150 నుంచి 2,340 అయింది. మిగిలిన తొమ్మిది నెలల్లో పంపాల్సిన సరుకు 20,000 టన్నులు. టన్నుకి 190 చొప్పున 38 లక్షలు పెరిగింది. కాంట్రాక్ట్ కార్మికుల వేతనాలు: అక్టోబర్ 1 నుంచి కనీస వేతనాల మీద కరువు భత్యం పెరిగింది, 6 లక్షలు. బయటి ల్యాబ్‌లో నాణ్యత పరీక్షలు: బడ్జెట్‌లో అసలు లేని ఖర్చు, 33 లక్షలు. నాలుగోది మైనస్: యంత్రాల నిర్వహణ షీట్‌లో `=SUM(D14:D31)` అని ఉంది, కానీ 31వ వరుస అప్పటికే ఒక ఉపమొత్తం కావడంతో 5 లక్షలు రెండుసార్లు లెక్కలోకి వచ్చాయి. ఆగస్టులో ఎవరో చూసి సరిచేశారు. 38, 6, 33 కలిపి అందులోంచి 5 తీస్తే 72.

లెక్క కుదిరింది కదా అని ఇక్కడే ఆగిపోతారు చాలామంది. ఇలా పాత మొత్తం నుంచి కొత్త మొత్తం దాకా తేడాలు పేర్చి వంతెన వేస్తే పట్టుబడనిది ఒకటుంది: ఒక పద్దులోంచి ఇంకో పద్దులోకి మళ్లించిన డబ్బు. యంత్రాల నిర్వహణలోంచి 12 లక్షలు తీసి ప్రయాణ ఖర్చుల్లో వేశారనుకోండి. మొత్తంలో తేడా సున్నా. ఆడిటర్ మాత్రం నిర్వహణ ఎందుకు తగ్గించారని కచ్చితంగా అడుగుతారు, ఎందుకంటే నిర్వహణ వాయిదా వేసి లాభం చూపించడం పాత అలవాటే. అందుకని వంతెన మొత్తానికి కాదు, ప్రతి పద్దుకీ విడివిడిగా వేయాలి. ఆర్0 అంకె ఒక నిలువు వరుసలో, ఇప్పటి అంకె ఒక నిలువు వరుసలో పెట్టి, మధ్యలో మార్పుల రిజిస్టర్ నుంచి, అంటే ప్రతి మార్పునీ ఒక్కో వరుసగా రాసుకునే షీట్ నుంచి, ఆమోదం పొందిన మార్పులు తెచ్చి, తేడా సున్నా వస్తోందో లేదో చూసే ఫార్ములా ఒకటి రాసుకుంటే చాలు:

```
=B12+SUMIFS(Register!$G:$G,Register!$C:$C,$A12,Register!$K:$K,"Approved")-D12
```

ఇందులో `A12` పద్దు కోడ్, `B12` ఆర్0 అంకె, `D12` ఇప్పటి అంకె. రిజిస్టర్‌లో `C` వరుసలో పద్దు కోడ్, `G`లో మార్పు మొత్తం, `K`లో స్థితి. సున్నా రాకపోతే రిజిస్టర్‌లోకి ఎక్కని మార్పో, ఆమోదం రాకముందే ఫైల్‌లో కలిపేసిన మార్పో ఉన్నట్టు. నెలాఖరున లెక్కలు మూసే రోజు ఈ నిలువు వరుసలో ప్రతి గడిలోనూ సున్నా ఉంటే తప్ప ఫోర్‌కాస్ట్ బయటికి పంపకూడదని ఒక నియమం పెట్టుకోండి. ఏడాది చివర ఆరు నెలల కిందటిది తవ్వుకోవడం కంటే నెలనెలా నాలుగు వరుసలు చూసుకోవడం ఎంతో తేలిక.

రిజిస్టర్‌లో మిగతా గడుల్లో ఏం రాయాలంటే: మార్పు నంబర్, తేదీ, పాత అంకె, కొత్త అంకె, ఏ రకం మార్పు, కారణం ఒక వాక్యంలో, ఆధారం ఎక్కడుంది, ఎవరు అడిగారు, ఎవరు ఆమోదించారు, ఏ మెయిల్ లేదా తీర్మానం ద్వారా. ఇందులో "రకం" అనే గడిని తేలిగ్గా తీసుకోవద్దు. మళ్లింపుతో కలిపి పై ఐదు మార్పులకీ ఆమోదించాల్సినవాళ్లు ఒక్కరు కాదు. ఉదాహరణకి మీ అధికార పరిమితుల పట్టికలో, ఉన్న పద్దులో 50 లక్షల వరకు పెంపు సీఎఫ్ఓ, ఎండీ కలిసి ఒప్పుకోవచ్చు, బడ్జెట్‌లో లేని కొత్త ఖర్చు 25 లక్షలు దాటితే బోర్డుకి వెళ్లాలి అని ఉందనుకుందాం. అప్పుడు 38 లక్షల రవాణా పెంపుకి సీఎఫ్ఓ, ఎండీల సంతకాలు చాలు, దానికంటే చిన్నదైన 33 లక్షల ల్యాబ్ ఖర్చుకి చాలవు. అంకె సైజు చూసి ఆమోదం తీసుకునేవాళ్లు సరిగ్గా ఇక్కడే దొరికిపోతారు. లిస్టెడ్ కంపెనీ అయితే వార్షిక బడ్జెట్‌నీ దానిలో వచ్చే మార్పులనీ బోర్డు ముందు పెట్టాలని సెబీ ఎల్ఓడీఆర్ నిబంధనలే చెబుతాయి.

ఇక ఫార్ములా తప్పు. దాన్ని సరిచేయడానికి ఎవరి అనుమతి ఎందుకు అనిపిస్తుంది. కానీ బోర్డు ఒప్పుకున్న 18.40 కోట్లలో ఆ తప్పు కూడా కలిసే ఉంది. అందుకని ఆర్0ని ముట్టుకోకుండా, రిజిస్టర్‌లో "లెక్క తప్పు సవరణ" అని వేరే రకంగా రాసి, తప్పు ఏ సెల్‌లో ఉందో, పాత ఫార్ములా, కొత్త ఫార్ములా ఏమిటో పెట్టి, తయారు చేసినవారు కాక ఇంకొకరు సరిచూసి సంతకం పెట్టాలి. తర్వాతి బోర్డు మీటింగ్‌లో ఒక లైన్‌గా తెలియజేస్తే సరిపోతుంది.

ఆధారం అంటే ఏది

"ట్రాన్స్‌పోర్టర్ చెప్పాడు" అన్నది ఆధారం కాదు, "పర్చేజ్ టీమ్ నుంచి" అన్నదీ కాదు. మన ఆఫీసుతో సంబంధం లేని మనిషి ఆ గడి చదివి, ఎవరినీ అడగకుండా ఆ కాగితం దగ్గరికి వెళ్లగలగాలి. రవాణా వరుసనే తీసుకుంటే అందులో రెండు అంకెలున్నాయి, రెండింటికీ వేర్వేరు ఆధారాలు కావాలి. 2,340 రేటుకి: సవరించిన ఒప్పందం తేదీ, పేజీ, క్లాజ్ నంబర్, ఫైల్ ఉన్న చోటు. 20,000 టన్నులకి: ఆర్0 అమ్మకాల ప్లాన్‌లో జులై నుంచి మార్చి వరకు ఉన్న మొత్తం, షీట్ పేరు, సెల్. టన్నులు కూడా మారి ఉంటే దాన్ని ఈ వరుసలో కలిపేయొద్దు, వేరే వరుసగా రాయండి. లేకపోతే రేటు వల్ల ఎంత, పరిమాణం వల్ల ఎంత అని అడిగినప్పుడు మళ్లీ మొదటికొస్తుంది. కరువు భత్యానికైతే కార్మిక శాఖ నోటిఫికేషన్ కాపీ పీడీఎఫ్‌గా దించి పెట్టుకోండి. వెబ్ లింకు ఒక్కటే రాస్తే ఏడాది తర్వాత ఆ పేజీ ఉంటుందన్న నమ్మకం లేదు.

ఫార్ములాల్లో నేరుగా అంకెలు దూర్చడం మానిపించండి. `=C12*190` అని ఉంటే 190 ఏమిటో ఆర్నెల్ల తర్వాత రాసినవాడికే గుర్తుండదు. అంచనాలన్నీ ఒక షీట్‌లో పెట్టి, ప్రతి అంకె పక్కన ఆధారం గడి ఉంచి, మిగతా షీట్లన్నీ అక్కడినుంచి తెచ్చుకోవాలి. ఆధారమే లేని అంకెలూ ఉంటాయి. మేనేజర్ అనుభవంతో వేసిన అంచనా తప్పేం కాదు, "ఉత్పత్తి విభాగం అంచనా, ఫలానా తేదీ మీటింగ్ నోట్" అని రాసేయండి. అంచనాని అంచనా అని రాస్తే ఆడిటర్ ఒప్పుకుంటారు. ఖాళీగా వదిలేస్తేనే తవ్వుతారు.

ఇప్పుడు మీ ముందున్న గందరగోళం

మొదట కంపెనీ సెక్రటరీ దగ్గరికి వెళ్లండి. మార్చి బోర్డు మీటింగ్‌కి వెళ్లిన అజెండా కాగితాలు, మినిట్స్ ఆయన దగ్గర ఉంటాయి. మీ ఫోల్డర్‌లోని ఏ ఫైల్ అసలుదన్నది ఆ కాగితాల్లోని అంకెతో కలిపి చూసి తేల్చండి, ఫైల్ పేరు చూసి కాదు. కలిసింది ఆర్0. ఏదీ కలవకపోతే ఆ రోజుల్లో మెయిల్స్‌లో జతచేసి పంపిన కాపీలు వెతకండి, షేర్‌పాయింట్‌లో మిగిలున్న పాత వెర్షన్లు చూడండి.

తర్వాత ఆర్0నీ ఇప్పటి ఫైల్‌నీ పోల్చండి. మీకు మైక్రోసాఫ్ట్ 365 ఎంటర్‌ప్రైజ్ లైసెన్స్ ఉంటే ఆఫీస్‌తో పాటే `Spreadsheet Compare` అనే ప్రోగ్రామ్ వచ్చి ఉంటుంది. రెండు ఫైళ్లు ఇస్తే టైప్ చేసిన అంకెల తేడాలు, ఫార్ములాల తేడాలు వేర్వేరు రంగుల్లో చూపిస్తుంది. అందులో ముందు టైప్ చేసిన అంకెల తేడాలు మాత్రమే తీసుకోండి. మిగతావి చాలావరకు వాటి నుంచి వచ్చినవే. ఒక్కటి గుర్తుంచుకోండి: మధ్యలో ఎవరైనా కొత్త వరుస చేర్చి ఉంటే కింద ఉన్నవన్నీ మారినట్టు కనిపించి కంగారు పెట్టొచ్చు. అప్పుడు పద్దు కోడ్ పట్టుకుని `XLOOKUP`తో రెండు ఫైళ్లనీ కలపడమే సుఖం.

దొరికిన ప్రతి తేడానీ రిజిస్టర్‌లో ఎక్కించండి. ఇప్పుడు రాస్తున్నారు కాబట్టి తేదీ గడిలో ఇవాళ్టి తేదీనే ఉండాలి. మార్పు ఎప్పుడు జరిగిందన్నది పక్క గడిలో, ఎలా తెలిసిందో కారణంలో రాయండి. మెయిల్‌లో ఆమోదం దొరికితే జతచేయండి. నోటిమాటగా ఒప్పుకున్నవాటికి, ల్యాబ్ ఖర్చులాంటివాటికి, ఇప్పటి తేదీతో ఒక నోట్ తయారు చేసి అధికారం ఉన్నవారి దగ్గర ధ్రువీకరణ తీసుకోండి. బోర్డు పరిధిలోది అయితే తర్వాతి మీటింగ్‌లో తీర్మానం పెట్టించండి. ఎవరైనా "ఆగస్టు తేదీ వేసి ఒక అప్రూవల్ నోట్ తయారు చేద్దాం" అంటే ఒప్పుకోవద్దు. ఫైల్ తయారైన తేదీ దాని ప్రాపర్టీస్‌లోనే బయటపడుతుంది. ఆమోదం ఆలస్యమైతే అది నియంత్రణలో లోపం, ఆడిటర్ రాసుకుంటారు, మీరు సరిచేసుకుంటారు. వెనక తేదీ వేస్తే అది ఆయనకి మోసం కింద కనిపిస్తుంది, ఆపైన మీరిచ్చే మిగతా కాగితాలు కూడా అనుమానంలో పడతాయి.

ఎంత వెతికినా కారణం దొరకని తేడా ఒకటో రెండో మిగులుతాయి. వాటికి కథ అల్లకుండా "ఆధారం దొరకలేదు, ఫలానా ఫైళ్లు, ఫలానా మెయిల్స్ వెతికాం" అని రాసి, ఆ అంకెని ఆర్0 అంకెకి తిరిగి మార్చి, ఆ మార్పు కూడా రిజిస్టర్‌లో ఎక్కించండి. ఆ ఖర్చు నిజంగా అవసరమైతే సంబంధిత విభాగమే కాగితాలతో మళ్లీ అడుగుతుంది.

ఇంపెయిర్‌మెంట్ లెక్కకి ఏ బడ్జెట్ వెర్షన్ వాడారో కూడా ఈ పనిలోనే చూసుకోండి. ధ్రువీకరణ ఇంకా రాని 19.12 కోట్ల ఫైల్‌ని అందులో వాడి ఉంటే, ఆడిటర్ అడగబోయే తర్వాతి ప్రశ్న దాని గురించే.